గడియారం మారే రైలు: న్యూయార్క్–షికాగో టైమ్‌టేబుల్‌లో ఆ గంట ఎక్కడికి పోయింది?

న్యూయార్క్ నుంచి షికాగోకు లేక్ షోర్ లిమిటెడ్ అనే రాత్రి రైలు ఒకటుంది. అమెరికా ప్రయాణికుల రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ దీన్ని 1975 నుంచి నడుపుతోంది. దూరం 959 మైళ్లు, అంటే సుమారు 1,543 కిలోమీటర్లు. న్యూజెర్సీలో కొడుకు, షికాగో శివారులో కూతురు ఉన్న తెలుగు తల్లిదండ్రులు విమానం వద్దనుకుంటే ఎక్కగలిగే రైళ్లలో ఇదొకటి. టికెట్ చూడగానే వాళ్లకు ఒక సందేహం వస్తుంది. బయలుదేరేది మధ్యాహ్నం 3:40, చేరేది మర్నాడు ఉదయం 9:45. వేళ్ల మీద లెక్కేస్తే 18 గంటల 5 నిమిషాలు. పక్కనే ప్రయాణకాలం అని 19 గంటల 5 నిమిషాలు వేసి ఉంటుంది. ఒక గంట ఎక్కువ.

అచ్చుతప్పేమో అనుకుని తిరుగు ప్రయాణం చూస్తే గందరగోళం ఇంకా పెరుగుతుంది. షికాగోలో రాత్రి 9:30కి బయలుదేరి న్యూయార్క్‌కు మర్నాడు సాయంత్రం 6:25కి చేరుతుంది. తీసివేస్తే 20 గంటల 55 నిమిషాలు. ముద్రించినది 19 గంటల 55 నిమిషాలు. ఈసారి ఒక గంట తక్కువ! పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ. ఒకే పట్టాల మీద, ఒకే కంపెనీ నడిపే రైలుకు ఇలా ఎందుకు జరుగుతుందన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం. (ఇక్కడ వాడిన వేళలు కొన్నేళ్ల కిందటి అచ్చు టైమ్‌టేబుల్‌లోవి. లెక్కకు సులువుగా ఉండాలని దగ్గరి ఐదు నిమిషాలకు సరిచేశాను. నిమిషాలు ఏటా మారుతుంటాయి, లెక్క పద్ధతి మారదు. ప్రయాణానికి మాత్రం తాజా పట్టికే చూసుకోవాలి.)

పట్టికలో ఉన్నది ప్రయాణకాలం కాదు

మన దేశంలో రైలెక్కి అలవాటైన వాళ్లకు ఈ చిక్కు ఎదురుకాదు. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి హైదరాబాద్‌లో దిగేవాళ్లు రెండు వేళల మధ్య తేడా తీస్తే చాలు, ప్రయాణకాలం వచ్చేస్తుంది. గుజరాత్‌లో కంటే అరుణాచల్ ప్రదేశ్‌లో సూర్యుడు దాదాపు రెండు గంటలు ముందే ఉదయిస్తాడు. అయినా 1906 జనవరి 1 నుంచి మనది భారత ప్రామాణిక కాలమనే ఒకే లెక్క. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ దగ్గరి నుంచే పోతుంది. మన రైల్వేలోనూ జోన్లున్నాయి కానీ అవి పరిపాలన కోసం చేసుకున్న విభాగాలు. దక్షిణ మధ్య రైల్వే దాటి మరో జోన్‌లోకి వెళ్లినా స్టేషన్ గడియారం మారదు.

అమెరికా ప్రధాన భూభాగంలో నాలుగు టైమ్‌జోన్లున్నాయి. న్యూయార్క్‌ది ఈస్టర్న్ టైమ్, షికాగోది సెంట్రల్ టైమ్. న్యూయార్క్‌లో పది గంటలైతే షికాగోలో తొమ్మిది. ఈ ఏర్పాటు మొదట చేసిందీ రైల్వేలే. అంతకుముందు ప్రతి ఊరూ తన నెత్తిమీది సూర్యుణ్ని చూసి మధ్యాహ్నం లెక్కేసుకునేది. రైలు కంపెనీలు తలా ఒక గడియారం వాడేవి. 1883 నవంబర్ 18న రైల్వేలన్నీ కలిసి గంట తేడాలతో జోన్లు పెట్టుకున్నాయి. ప్రభుత్వం చట్టం చేసింది 1918లో. ఇప్పుడు ఆ హద్దులు మార్చే అధికారం అక్కడి రవాణా శాఖది.

జోన్లు వచ్చాక టైమ్‌టేబుల్ ముద్రించేవాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. ఏ స్టేషన్ ఎదుట ఏ వేళ వేసినా, అది ఆ ఊరి గడియారం చూపించే వేళ. న్యూయార్క్ ఎదుట 3:40 అంటే న్యూయార్క్ గోడ గడియారంలో 3:40. షికాగో ఎదుట 9:45 అంటే షికాగో గోడ గడియారంలో 9:45. ఎక్కేవాళ్లకు, దిగేవాళ్లకు, తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు కావలసింది ఇదే. పట్టిక ఎవరికీ ప్రయాణకాలం చెప్పడం లేదు. రెండు ఊళ్లలో రెండు గడియారాలు ఏం చూపిస్తాయో చెబుతోంది. వేర్వేరు గడియారాల అంకెలు రెండూ తీసుకుని ఒకదాంట్లోంచి మరొకటి తీసేస్తున్నది చదివేవాళ్లే.

కాబట్టి ముందు రెండు వేళలనూ ఒకే గడియారంలోకి తెచ్చుకోవాలి. షికాగోలో ఉదయం 9:45 అయినప్పుడు న్యూయార్క్‌లో 10:45. మధ్యాహ్నం 3:40 నుంచి మర్నాడు ఉదయం 10:45 వరకు 19 గంటల 5 నిమిషాలు. ముద్రించింది సరిపోయింది. తిరుగు ప్రయాణంలో షికాగోలో రాత్రి 9:30 అంటే న్యూయార్క్‌లో 10:30. అక్కడి నుంచి మర్నాడు సాయంత్రం 6:25 వరకు 19 గంటల 55 నిమిషాలు. అదీ సరిపోయింది. గుర్తుపెట్టుకోవడానికి సూత్రం చిన్నది. పడమటికి పోతే తీసివేతకు గంట కలపాలి, తూర్పుకు వస్తే గంట తగ్గించాలి.

హద్దు ఎక్కడుందో పట్టికే చెబుతుంది

ఈ గంట దారి పొడుగునా కొద్దికొద్దిగా పంచుకున్నది కాదు. ఒకే చోట, రెండు స్టేషన్ల నడుమ మొత్తంగా దూరుతుంది. అది ఎక్కడో తెలుసుకోవడానికి మ్యాప్ అక్కర్లేదు. షికాగో ముందు వచ్చే ఆఖరి స్టేషన్ సౌత్ బెండ్. ఇండియానా రాష్ట్రంలో, నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం పక్కనున్న ఊరు. పడమటికి పోయే రైలు సౌత్ బెండ్‌లో ఉదయం 8:50కి బయలుదేరి షికాగో 9:45కి చేరుతుందని పట్టిక చెబుతుంది. మధ్య దూరం 84 మైళ్లు, సుమారు 135 కిలోమీటర్లు. 55 నిమిషాల్లో పోవాలంటే సగటున గంటకు 147 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ మార్గంలో ప్రయాణికుల రైలుకు అనుమతించే గరిష్ఠ వేగమే 79 మైళ్లు, అంటే 127 కిలోమీటర్లు. సగటు గరిష్ఠాన్ని మించిపోవడం కుదరని పని. కాబట్టి ఆ అంకెల్లో ఒక గంట దాక్కుని ఉంది. అసలు కాలం గంటా 55 నిమిషాలు, సగటు వేగం గంటకు 70 కిలోమీటర్లు.

ఎదురు దిశలో అదే ముక్క చూస్తే వింత తిరగబడుతుంది. షికాగోలో రాత్రి 9:30కి బయలుదేరిన రైలు సౌత్ బెండ్‌కు 12:10కి వస్తుంది. తీసివేస్తే 2 గంటల 40 నిమిషాలు. అదే పట్టాల మీద పోయేటప్పుడు 55 నిమిషాలు, వచ్చేటప్పుడు దాదాపు మూడు రెట్లు! గంట తగ్గిస్తే అసలు కాలం గంటా 40 నిమిషాలే.

జోన్ హద్దు ఉందని చెప్పే నమ్మకమైన గుర్తు ఇదే. ఒక దిశలో ఒక ముక్క నమ్మలేనంత చిన్నదై, ఎదురు దిశలో అదే ముక్క నమ్మలేనంత పెద్దదైతే, ఆ రెండు స్టేషన్ల మధ్య గడియారం మారుతోందన్నమాట. పాత అచ్చు పట్టికల్లో స్టేషన్ పేరు పక్కన `ET` లేదా `CT` అని చిన్న అక్షరాలు ఉంటాయి. మొదటిది ఈస్టర్న్ టైమ్, రెండోది సెంట్రల్ టైమ్. కానీ వాటిని చూసేవాళ్లు తక్కువ. కొన్ని ఫోన్ యాప్‌లలోనైతే ఆ అక్షరాలే ఉండవు. అప్పుడు రెండు దిశలనూ పక్కపక్కన పెట్టి చూడటమే దారి.

ఇందులో ఇంకో సౌలభ్యం ఉంది. జోన్ తేడా ఎంతో తెలియకపోయినా అసలు ప్రయాణకాలం సుమారుగా తేల్చవచ్చు. రెండు దిశల తీసివేతలనూ కూడితే జోన్ ప్రభావం దానంతట అదే కొట్టుకుపోతుంది, ఎందుకంటే ఒక దిశలో తగ్గిన గంటే రెండో దిశలో పెరుగుతుంది. 18 గంటల 5 నిమిషాలు, 20 గంటల 55 నిమిషాలు కలిపితే సరిగ్గా 39 గంటలు. అందులో సగం పందొమ్మిదిన్నర గంటలు. రైలు ఒకవైపు తీసుకునే సగటు కాలం అదే. ఇండియాలోనే కూర్చుని, ఏ జోనూ తెలియకుండా, పట్టిక ఒక్కటే చేతిలో పెట్టుకుని ఈ లెక్క చేయవచ్చు. రెండు దిశలకూ ఒకే కాలవ్యవస్థ అమల్లో ఉన్న తేదీలను తీసుకుంటే చాలు.

అన్ని తేడాలూ జోన్‌వి కావు

జోన్ గంట తీసేశాక కూడా రెండు దిశల మధ్య తేడా మిగిలిపోతుంది. పడమటికి 19 గంటల 5 నిమిషాలు, తూర్పుకు 19 గంటల 55 నిమిషాలు. ఈ 50 నిమిషాలకు గడియారంతో పని లేదు. తూర్పు దిశ పట్టికలో పెద్ద స్టేషన్ల దగ్గర రైలును ఎక్కువసేపు ఆపడం, ఆలస్యాన్ని సర్దుకోవడానికి అక్కడక్కడ అదనపు నిమిషాలు కలపడం వంటివి దీనికి కారణాలు. ఆల్బనీ దగ్గర ఈ రైలు రెండుగా చీలుతుంది. ఒక భాగం బోస్టన్‌కు, మరొకటి న్యూయార్క్‌కు పోతాయి. పడమటికి వచ్చేటప్పుడు ఆ రెండూ అక్కడే కలుస్తాయి. ఇలాంటి పనులకు పట్టికలో నిమిషాలు కేటాయించాల్సిందే.

సర్దుబాటు నిమిషాలు మన రైళ్లలోనూ చూసినవే. చివరి స్టేషన్ ముందు పది పన్నెండు కిలోమీటర్ల ముక్కకు అరగంటో ముప్పావుగంటో రాసి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన రైలు అక్కడ పుంజుకుని ‘టైముకే వచ్చింది’ అనిపించుకుంటుంది. జోన్లు దాటే పట్టిక చదివేటప్పుడు దీన్ని గడియారం మార్పుగా పొరబడే ప్రమాదం ఉంది. రెండింటినీ వేరు చేయడం కష్టం కాదు. సర్దుబాటు నిమిషాలు ప్రయాణాన్ని ఎప్పుడూ పొడిగిస్తాయే తప్ప కుదించవు. అవి సాధారణంగా రైలు చేరే చివరన ఉంటాయి, ఎదురు దిశలో అదే ముక్కకు ఉండవు. పైగా సరిగ్గా గంటకో అరగంటకో రావాలన్న నియమమూ లేదు. జోన్ మార్పు మాత్రం ఒక దిశలో కుదించి రెండో దిశలో అంతే పొడిగిస్తుంది.

సౌత్ బెండ్–షికాగో ముక్కలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. జోన్ గంట సరిచేశాక పడమటికి గంటా 55 నిమిషాలు, తూర్పుకు గంటా 40 నిమిషాలు వచ్చాయి కదా. పడమటికి 15 నిమిషాలు ఎక్కువ. రైలు షికాగోలో ఆగిపోతుంది కాబట్టి చివరన కలిపిన సర్దుబాటు ఇది. రైలు నిజంగా సకాలంలో నడిచిన రోజు షికాగోకు పావుగంట ముందే చేరిపోవచ్చు కూడా. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ఇది తెలిసి ఉండటం మంచిది.

ఒకే ఊరు, రెండు పట్టికలు

‘స్టేషన్ ఎదుట ఉన్నది ఆ ఊరి వేళ’ అన్న నియమానికి మినహాయింపు కూడా ఈ సౌత్ బెండ్‌లోనే ఉంది. ఈ ఊరి నుంచి షికాగోకు సౌత్ షోర్ లైన్ అనే విద్యుత్ లోకల్ రైలు నడుస్తుంది. దాని స్టేషన్ వేరు, విమానాశ్రయంలో ఉంటుంది. ఈ రైలులో ఎక్కేవాళ్లలో ఎక్కువమంది షికాగో వైపు ఉద్యోగాలకు పోయివచ్చేవాళ్లు. దాదాపు దారంతా సెంట్రల్ టైమ్‌లోనే ఉంది, తూర్పు కొసన ఉన్న సౌత్ బెండ్ ఒక్కటే ఈస్టర్న్ టైమ్. ఆ ఒక్క ఊరి కోసం గజిబిజి ఎందుకని కంపెనీ తన పట్టిక మొత్తాన్ని సెంట్రల్ టైమ్‌లోనే ముద్రిస్తుంది, సౌత్ బెండ్ వేళలతో సహా.

ఈ పట్టికలో తీసివేత ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. తప్పేది ఊళ్లోని గోడ గడియారం. పట్టికలో సౌత్ బెండ్ ఎదుట ఉదయం 7 గంటలు అని ఉంటే, ఊరి గడియారం ప్రకారం రైలు 8 గంటలకు బయలుదేరుతుంది. ఊరి టైము చూసుకుని ఏడింటికి పరుగెత్తినవాళ్లు గంటసేపు బెంచీ మీద కూర్చోవాల్సిందే. ఊళ్లో ఉండి, షికాగో నుంచి రాత్రి 9కి వచ్చే బంధువుల కోసం తొమ్మిదింటికే స్టేషన్‌కు పోయినవాళ్లదీ అదే గతి. ఇలా తప్పితే అదృష్టవశాత్తూ ఎదురుచూపే గానీ రైలు తప్పిపోదు. అదే అలవాటుతో ఆమ్‌ట్రాక్ వేళను కూడా సెంట్రల్ టైమ్ అనుకుంటే మాత్రం రైలు వెళ్లిపోయిన గంటకు స్టేషన్‌కు చేరుకుంటారు.

దారి మొత్తానికీ ఒకే గడియారం పెట్టుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. మన దేశంలో ప్రామాణిక కాలం రాకముందు బొంబాయికి, కలకత్తాకు, మద్రాసుకు వేర్వేరు వేళలుండేవి. రైళ్లు మాత్రం మద్రాసు టైమ్ ప్రకారం నడిచేవి. బొంబాయి స్థానిక వేళకు అది అరగంట ముందు. రష్యాలోనైతే 2018 జులై వరకు పసిఫిక్ తీరాన ఉన్న వ్లాదివొస్తోక్ రైలు టికెట్ మీద కూడా మాస్కో టైమే ఉండేది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి స్థానిక వేళలకు మారారు. ఏ పద్ధతీ తప్పు కాదు. చేతిలో ఉన్న పట్టిక ఏ పద్ధతిలో ఉందో ముందు తేల్చుకోవాలి, అంతే. దానికి ఒకటే పరీక్ష. హద్దు దగ్గరి ముక్కను రెండు దిశల్లోనూ లెక్కేయాలి. ఒక దిశలో కుదించుకుపోయి రెండో దిశలో సాగితే పట్టిక స్థానిక వేళల్లో ఉన్నట్టు. రెండూ దాదాపు సమానంగా వస్తే ఒకే గడియారం వాడినట్టు.

తేదీ కూడా మారుతుంది

గంట తేడా అంటే కాస్త ఎదురుచూపే కదా అనిపించవచ్చు. రాత్రి రైలులో అది ఒక రోజు తేడాగా మారే చోటు ఉంది. షికాగోలో శుక్రవారం రాత్రి 9:30కి రైలు బయలుదేరిందనుకుందాం. సౌత్ బెండ్‌కు గంటా 40 నిమిషాల్లో వస్తుంది. అప్పుడు షికాగో గడియారంలో ఇంకా రాత్రి 11:10, శుక్రవారమే. సౌత్ బెండ్ గడియారంలో 12:10, అంటే శనివారం. రైల్లో కూర్చున్నవాళ్లకు రెండు గంటలైనా గడవకముందే తారీఖు మారిపోయింది.

షికాగోలోని అక్క ‘శుక్రవారం రాత్రి రైలు’ అంటుంది. సౌత్ బెండ్‌లో చదువుకుంటున్న తమ్ముడు అదే రైలు ఎక్కి ఇద్దరూ కలిసి న్యూయార్క్ పోవాలి. అతను శుక్రవారం తేదీకే టికెట్ తీసుకుంటే, సౌత్ బెండ్‌లో శుక్రవారం 12:10కి వచ్చే రైలులో సీటు దొరుకుతుంది. అది గురువారం రాత్రి షికాగోలో బయలుదేరినది. శుక్రవారం రాత్రి పదకొండున్నరకు పెట్టెతో స్టేషన్‌కు వెళ్లేసరికి అతని రైలు వెళ్లి దాదాపు ఒక రోజు గడిచిపోతుంది. అక్క టికెట్ శుక్రవారానికి, తమ్ముడి టికెట్ శనివారానికి ఉంటేనే ఇద్దరూ ఒకే రైల్లో ఉంటారు. మన దగ్గర కూడా అర్ధరాత్రి దాటాక 00:10కి వచ్చే రైలుతో ఇలాంటి పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. కానీ అక్కడ అర్ధరాత్రి కళ్ల ముందే వస్తుంది. ఇక్కడ జోన్ హద్దు అర్ధరాత్రిని ఒక గంట ముందుకు లాగేస్తుంది.

ఫోన్ అలారంతోనూ జాగ్రత్త అవసరం. టవర్ సిగ్నల్ ఉంటే ఫోన్ గడియారం హద్దు దాటగానే తనే మారుతుంది. ఛార్జింగ్ మిగలాలని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకుంటే షికాగో వేళే చూపిస్తుంటుంది. సౌత్ బెండ్‌లో దిగాల్సినవాళ్లు రాత్రి 12కి అలారం పెట్టుకుంటే, అది మోగేటప్పటికి ఊళ్లో ఒంటిగంట అయి ఉంటుంది. రైలు తర్వాతి స్టేషన్ కూడా దాటేసి ఉంటుంది. అలారం వేళతో కాకుండా ‘బయలుదేరిన గంటా 20 నిమిషాలకు’ అని టైమర్‌గా పెట్టుకుంటే జోన్ గొడవే ఉండదు. రైలు ఆలస్యమైతే కాస్త ముందే లేస్తారు, అంతే.

హద్దే కదిలే రోజులు

ఇప్పటివరకు న్యూయార్క్, షికాగో తేడా ఎప్పుడూ గంటే అనుకున్నాం. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ అది నిజం. రెండు రాత్రులు మాత్రం కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాలను గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం అదే వేళకు గంట వెనక్కు తిప్పుతారు. శనివారం రాత్రి షికాగోలో బయలుదేరిన మన రైలు ఆ వేళకు ఇండియానా–ఒహాయో సరిహద్దు ప్రాంతంలో పరుగెడుతూ ఉంటుంది.

నవంబర్‌లో గడియారం వెనక్కు పోతే రైలు పట్టిక కంటే గంట ముందు ఉన్నట్టవుతుంది. తర్వాతి స్టేషన్లలో ఎక్కాల్సినవాళ్లు కొత్త వేళకు వస్తారు కాబట్టి ముందే వెళ్లిపోకూడదు. అందుకని రైలును మధ్యలో గంట ఆపి, పట్టికకు సరిపడ్డాక కదిలిస్తారు. ఆ ఒక్క రాత్రి ప్రయాణం 20 గంటల 55 నిమిషాలు పడుతుంది. అంటే తీసివేస్తే వచ్చే అంకే! జోన్ తగ్గించిన గంటను గడియారం తిప్పడం తిరిగి ఇచ్చేసింది. ఏడాది పొడుగునా తప్పుగా వచ్చే లెక్క ఆ రాత్రి సరిగ్గా సరిపోతుంది.

మార్చిలో ఇందుకు వ్యతిరేకం. గడియారం ముందుకు దూకడంతో రైలు ఏ తప్పూ చేయకుండానే గంట ఆలస్యమైపోతుంది. పట్టిక ప్రకారం సాయంత్రం 6:25కే చేరాలంటే 18 గంటల 55 నిమిషాల్లో పోవాలి, అది సాధ్యమయ్యే పని కాదు. ఆమ్‌ట్రాక్ చేసేది ఆ ఆలస్యాన్ని దారిలో వీలైనంత సర్దుకోవడం. కాబట్టి మార్చి రెండో ఆదివారానికి ముందు రోజు రాత్రి ఎక్కినవాళ్లు న్యూయార్క్‌లో వెంటనే మరో రైలు పట్టుకునేలా టికెట్ తీసుకోకపోవడం మంచిది.

కొన్నిచోట్ల హద్దు నెలల తరబడి మరో చోటికి జరుగుతుంది. 2006కు ముందు ఇండియానాలో ఎక్కువ భాగం వేసవిలో గడియారం తిప్పేది కాదు. దాంతో చలికాలంలో సౌత్ బెండ్‌కు షికాగోకు గంట తేడా ఉండేది, వేసవిలో రెండు ఊళ్లదీ ఒకే వేళ. వేసవి హద్దు ఒహాయో సరిహద్దుకు జరిగిపోయేది. ఇప్పుడు అదే పరిస్థితి ఆరిజోనాలో ఉంది. ఆ రాష్ట్రంలో చాలా భాగం గడియారం తిప్పదు. షికాగో నుంచి లాస్ ఏంజిలెస్ పోయే సౌత్‌వెస్ట్ చీఫ్ రైలుకు చలికాలంలో హద్దు ఆరిజోనాకు కాలిఫోర్నియాకు మధ్య వస్తుంది. వేసవిలో న్యూమెక్సికోకు ఆరిజోనాకు మధ్యకు జరుగుతుంది. రైలు మారదు, దారి మారదు. కానీ ఆరిజోనా స్టేషన్ల ఎదుట వేళలు వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి. అలాంటి పట్టిక కింద చిన్న అక్షరాల గమనిక ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఆ స్టేషన్ల అంకెలు ఏడాదిలో కొంత భాగమే సరైనవి.

జోన్ తేడా ఎప్పుడూ గంటే ఉండాలనీ లేదు. కోల్‌కతా నుంచి ఢాకాకు నడిచిన మైత్రీ ఎక్స్‌ప్రెస్‌కు అది అరగంట, బంగ్లాదేశ్ గడియారం మనకంటే అంతే ముందు. అరగంట తేడా ఇంకా మోసగిస్తుంది. గంట తేడా వింతగా కనిపించి అనుమానం రేపుతుంది. అరగంటైతే రైలు నెమ్మదిగా నడుస్తోందిలే అనుకుని వదిలేస్తాం.

చివరగా, ప్రయాణికులతో పాటు స్టేషన్‌కు వచ్చేవాళ్లకూ ఈ లెక్క కావాలి. రైలు ఎన్నింటికి వస్తుందని ఇండియా నుంచి అమ్మ అడిగితే ‘పందొమ్మిది గంటల ప్రయాణం’ అని చెబితే సరిపోదు. ‘షికాగో టైము ప్రకారం ఉదయం 9:45, మీకు రాత్రి 8:15’ అని చెప్పాలి, చలికాలమైతే 9:15 అని. ఎక్కే ఊరి వేళ, దిగే ఊరి వేళ, ఫలానా ఊరి టైము అన్న మాట, ఆ ఊళ్లో ఆ వేళకు ఉన్న తేదీ కలిపి రాసి పంపితే, పట్టికలోని ఆ గంట ఎటు పోయిందని మళ్లీ ఎవరూ ఫోన్ చేసి అడగరు.